ఆకాశంలోని సెన్సార్ మచ్చలను ఒకేసారి తొలగించే ముందు జాగ్రత్తలు

చెన్నై మెరీనాలో f/16 వద్ద తీసిన వందల ఫొటోల నీలాకాశంలో బూడిద రంగు చుక్కలు కనిపిస్తే, Lightroom Classic లో ఒక ఫొటోను సరిచేసి మిగతావాటికి Sync చేయవచ్చు. అయితే అంతకుముందు కొన్ని విషయాలు సరిచూసుకోవాలి.

మొదట, అది నిజంగా సెన్సార్‌పై దుమ్మేనా అని తేల్చుకోవాలి. Visualize Spots ఆన్ చేసి వరుసగా రెండు మూడు ఫొటోలు చూడండి. దుమ్ము ప్రతి ఫ్రేములోనూ అదే చోట ఉంటుంది, దూరాన చుక్కలా కనిపించే గద్ద మాత్రం కదిలిపోతుంది.

ఒకే కెమెరాతో తీసినవాటినే ఒక గుంపుగా పెట్టండి. మధ్యలో సెన్సార్ శుభ్రం చేసి ఉంటే అక్కడే గుంపును విడదీయాలి. నిలువు ఫొటోలను కూడా వేరుచేయడం మేలు, ఎందుకంటే అడ్డం ఫొటోలో ఆకాశంలో ఉన్న మచ్చ స్థానం నిలువు ఫొటోలో లైట్‌హౌస్ మీదనో జనం మీదనో పడవచ్చు.

మచ్చను సరిచేసేటప్పుడు Heal వాడి, మచ్చను కప్పడానికి నమూనా తీసుకునే చోటును, అంటే సోర్స్‌ను, చేత్తో జరపకుండా వదిలేయండి. అలా వదిలితేనే ప్రతి ఫొటోకూ తగిన సోర్స్‌ను ప్రోగ్రామ్ విడిగా వెతుక్కుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది Sync పెట్టెలో Check None నొక్కి, మచ్చల తొలగింపు ఒక్కదానికే టిక్ పెట్టడం. లేకపోతే ఎక్స్‌పోజర్, క్రాప్ కూడా మారిపోవచ్చు. ఇప్పటికే విడిగా రీటచ్ చేసిన ఫొటోలను ఎంపికలోంచి తీసేయండి, ఎందుకంటే ఆ పాత దిద్దుబాట్ల స్థానంలో కొత్తవి వచ్చి కూర్చుంటాయి.

తర్వాత లైట్‌హౌస్ అంచు దగ్గర పడిన దిద్దుబాట్లను 100 శాతం జూమ్‌లో చూసి, అంచు చెదిరిన చోట ఆ దిద్దుబాటును తొలగించి మళ్లీ పెట్టాలి.