దస్తావేజు స్కాన్ తలకిందులైతే: ఇంటి పన్ను పేరు మార్పు దరఖాస్తుకు ముందు పేజీల వరస సరిచేసే విధానం

ఇల్లు కొన్నాక మున్సిపాలిటీ రికార్డులో పాత యజమాని పేరు తీసేసి మీ పేరు ఎక్కించుకోవడానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడుతున్నారనుకుందాం. ఫారం నింపడం, అసెస్‌మెంట్ నంబరు కొట్టడం, ఫీజు కట్టడం ఎవరికీ పెద్ద కష్టం కాదు. ఎక్కువ మంది ఇరుక్కునేది రిజిస్టర్డ్ దస్తావేజు పీడీఎఫ్ దగ్గర. కాగితాల కట్టను స్కానర్ ట్రేలో వెనక నుంచి ముందుకు పెట్టేస్తే, ఫైలు తెరవగానే సాక్షుల సంతకాలు కనిపిస్తాయి. స్టాంపు నంబరు, కొన్నవారి పేరు ఉన్న మొదటి పేజీ ఎక్కడో అడుగున ఉంటుంది. పరిశీలించే గుమాస్తా ముందున్న ఒకటి రెండు పేజీలు చూసి పత్రం సగమే పెట్టారనుకునే వీలుంది. దరఖాస్తు వెనక్కి వస్తే మళ్లీ స్కాన్, మళ్లీ సెంటరు చుట్టూ తిరగడం. నిజానికి మళ్లీ స్కాన్ చేయక్కర్లేదు. ఉన్న ఫైలులోనే వరస మార్చుకోవచ్చు, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు.

అయితే ఒక జాగ్రత్త. "రివర్స్" నొక్కేస్తే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కాగితానికి ఒకవైపే స్కాన్ చేసినప్పుడు అది నిజమే. దస్తావేజుకు వెనకవైపు కూడా ముద్రలు, ఫొటోలు, వేలిముద్రలు ఉంటాయి, అందుకే రెండువైపులా స్కాన్ చేస్తారు. అప్పుడు లెక్క మారుతుంది.

ముందుగా ఫైలు చివరి పేజీ చూడండి. అక్కడ దస్తావేజు మొదటి పేజీ, అంటే స్టాంపు ఉన్న ముఖం, కనిపిస్తే మొత్తం వరసను తిప్పితే చాలు. అలా కాకుండా చివరన మొదటి కాగితం వెనకవైపు ఉండి, దాని ముందు పేజీలో స్టాంపు ముఖం ఉంటే, పేజీలు కాదు, కాగితాలు తిరగబడ్డాయి. ఒక్కో కాగితం ముందూ వెనకా సరిగానే ఉన్నాయి, కాగితాల క్రమమే తప్పు. ఈ ఫైలును మామూలుగా రివర్స్ చేస్తే ప్రతి కాగితానికీ వెనకవైపు ముందొచ్చి, ముందువైపు తర్వాత వస్తుంది. చూడ్డానికి దాదాపు సరిగ్గానే ఉన్నట్టుండడం వల్ల ఇది పట్టుకోవడం కష్టం.

నాలుగు కాగితాల దస్తావేజు తీసుకోండి, మొత్తం 8 పేజీలు. మొదటి రకంలో ఫైలులో 8, 7, 6, 5, 4, 3, 2, 1 అని ఉంటుంది. రెండో రకంలో 7, 8, 5, 6, 3, 4, 1, 2 అని ఉంటుంది. కట్ట మొత్తాన్ని బోర్లించి పెడితే మొదటిది వస్తుంది. ముఖాలు సరైన వైపే ఉంచి, చివరి కాగితం ముందు లాగేలా పేరిస్తే రెండోది వస్తుంది.

కంప్యూటర్ ఉంటే `qpdf` అనే ఉచిత ప్రోగ్రాం చాలు. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. స్కాన్ ఫైలు పేరు `deed.pdf` అనుకుందాం. అది ఉన్న ఫోల్డర్‌లో కమాండ్ విండో తెరిచి ఆదేశం కొట్టాలి, `sari.pdf` అనే కొత్త ఫైలు వస్తుంది. మొదటి రకానికి ఇదీ ఆదేశం:

```
qpdf deed.pdf --pages . z-1 -- sari.pdf
```

`z` అంటే చివరి పేజీ. చివరి నుంచి మొదటికి పేర్చి కొత్త ఫైలు రాయమని అర్థం. పాత ఫైలు అలాగే ఉంటుంది, కాబట్టి పొరపాటు జరిగినా పోయేదేమీ లేదు.

రెండో రకానికి పేజీలు జతలు జతలుగా చెప్పాలి:

```
qpdf deed.pdf --pages . 7,8,5,6,3,4,1,2 -- sari.pdf
```

ఇక్కడి అంకెలు స్కాన్ ఫైలులోని స్థానాలు, కాగితం మీది నంబర్లు కావు. మొదటి కాగితం ముఖం ఫైలులో 7వ చోట ఉంది కాబట్టి 7తో మొదలుపెట్టాం.

ఈ జతల లెక్కను చెడగొట్టేది స్కానర్‌లోని ఖాళీ పేజీలు వదిలేసే సెట్టింగు. చివరి కాగితం వెనక ఏమీ రాసి లేకపోతే స్కానర్ దాన్ని తీసేస్తుంది. పై దస్తావేజుకు అప్పుడు ఫైలులో ఏడే పేజీలు ఉంటాయి: 7, 5, 6, 3, 4, 1, 2. దానికి ఇవ్వాల్సిన వరస 6,7,4,5,2,3,1. పేజీల సంఖ్య బేసిగా వచ్చిందంటే ఇలాంటిదేదో జరిగి ఉంటుందని అనుమానించండి, ఏ కాగితం వెనక పోయిందో చూసుకున్నాకే ఆదేశం రాయండి. పలచటి ముద్ర మాత్రమే ఉన్న వెనకవైపును కూడా స్కానర్ ఖాళీ అనుకుని వదిలేయగలదు. అలా పోయిన పేజీని వరస మార్చి తెచ్చుకోలేం. ఆ ఒక్క కాగితాన్ని, సెట్టింగు ఆపేసి, మళ్లీ స్కాన్ చేయాల్సిందే.

ఒకవైపు మాత్రమే లాగే స్కానర్లో ముందువైపులన్నీ ఒక ఫైలుగా, తర్వాత కట్ట బోర్లించి వెనకవైపులన్నీ ఇంకో ఫైలుగా తీసుకుంటే, రెండో ఫైలు వెనక నుంచి మొదలవుతుంది. రెంటినీ ఒక్కో పేజీ చొప్పున కలపాలి:

```
qpdf --collate --empty --pages mundu.pdf venaka.pdf z-1 -- sari.pdf
```

రెండు ఫైళ్లలోనూ పేజీల సంఖ్య సమానంగా ఉందో లేదో ముందే చూసుకోండి. ఒక్కటి తక్కువైనా ఒక కాగితం ముందువైపు మరో కాగితం వెనకవైపుతో కలిసిపోతుంది. కలిపాక వెనకవైపులన్నీ తలకిందులుగా కనిపిస్తే కంగారు పడొద్దు, కట్టను పొట్టి అంచు వైపు తిప్పారన్నమాట:

```
qpdf sari.pdf final.pdf --rotate=+180:1-z:even
```

ఆదేశాలు రాయడం ఇష్టం లేనివారు అడోబ్ రీడర్ ప్రింట్ పెట్టెలో మరిన్ని ఆప్షన్ల కింద ఉండే రివర్స్ ఎంచుకుని, ప్రింటర్‌గా `Microsoft Print to PDF` పెడతారు. ఇది మొదటి రకానికే పనికొస్తుంది. పైగా స్టాంపు కాగితం ఏ4 కంటే పొడవు. పేపరు ఏ4గా ఉంటే పేజీ కుదించుకుపోయి, ముద్రల్లోని సన్నని అక్షరాలు చదవడానికి రాకుండా పోతాయి. లీగల్ సైజు, అసలు కొలత ఎంచుకోండి. రీడర్ కంటే `qpdf` దారే మేలు, అది స్కాన్ బొమ్మలను ముట్టుకోదు, వరసే మారుస్తుంది.

ఆన్‌లైన్‌లో ఉచితంగా పేజీలు మార్చే సైట్లకు దస్తావేజు ఎక్కించకండి. అందులో సంతకాలు, ఫొటోలు, వేలిముద్రలు ఉంటాయి, చాలాసార్లు గుర్తింపు కార్డుల నకళ్లు కూడా ఉంటాయి. సెంటర్లో ఈ పని చేయించుకుంటే మీ కళ్లముందే ఫైలును అక్కడి కంప్యూటర్ నుంచి, రీసైకిల్ బిన్ నుంచి తీసేయించండి. అలా అడగడంలో తప్పేమీ లేదు.

ఈ తిప్పుడంతా స్కాన్ చేసిన కాగితాలకే. డిజిటల్ సంతకంతో నేరుగా డౌన్‌లోడ్ చేసుకున్న ఈసీ లాంటి పీడీఎఫ్‌ను ఏ ప్రోగ్రాంతోనూ మార్చకండి. పేజీ వరస మార్చినా ఆ సంతకం చెల్లకుండా పోతుంది. దాన్ని దస్తావేజుతో కలపకుండా విడిగా అప్‌లోడ్ చేయండి.

అప్‌లోడ్‌కు ముందు చివరి పరీక్షగా రిజిస్ట్రేషన్ ఆఫీసు ముద్రల దగ్గర ఇది ఎన్నో షీటు, మొత్తం ఎన్ని అని అచ్చువేసి ఉంటే, ఆ నంబర్లు ఒకటి నుంచి చివరి దాకా వరసగా వస్తున్నాయేమో చూడండి. అవి లేని పాత దస్తావేజుల్లో ఒక పేజీ చివరి వాక్యం తర్వాతి పేజీ మొదటి మాటతో అతుకుతోందో లేదో చదివి చూసుకోండి.