పిల్లలకి చెయ్యి కాలితే ఫోటో చూసి ఇంట్లో వైద్యం చాలో లేదో ఎలా చెప్పాలి?

నేను చాలా ఏళ్ళు క్యాజువాలిటీలో నర్సుగా చేశాను, ఇప్పుడు ఎంవీపీ కాలనీలో ఇంట్లోనే ఉంటున్నా, అయినా చుట్టాలందరూ ఏ దెబ్బ తగిలినా ముందు నాకే వాట్సాప్‌లో ఫోటో పంపుతారు. పోయిన మే నెలలో గాజువాక నుంచి మా ఆడపడుచు పంపింది. ఆరేళ్ళ పాప, ఎడమ ముంజేతి మీద వేడి టీ ఒలికింది. "వదినా చూడు, హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలా, అక్కర్లేదా?" అని. ఫోటో తెరిస్తే ట్యూబ్‌లైటు కింద తీశారు, చెయ్యంతా పసుపు. ఆ ఫోటోలో నాకు కనపడింది పసుపొక్కటే.

అందుకే మొదటి మాట, కాలిన చోట ఏమీ రాయకముందే ఫోటో తియ్యాలి. పసుపు, కాఫీ పొడి, పేస్టు, ఇంకు, నెయ్యి ఏది రాసినా గాయానికి మంచిది కాదు, పైగా కింద చర్మం ఎర్రగా ఉందా తెల్లగా ఉందా అన్నది కనపడదు, మనం నిర్ణయం తీసుకోవాల్సింది ఆ రంగు చూసే కదా. మెడికల్ షాపులో ఇచ్చే తెల్లటి బర్న్ క్రీము కూడా డాక్టరు చూడకముందు వద్దు, అదీ అంతే, రంగు కప్పేస్తుంది.

అయితే ఫోటో కంటే ముందు నీళ్ళు. కుళాయి కింద 20 నిమిషాలు, గడియారం చూసి. రెండు నిమిషాలు కడిగి తీసేస్తారు అందరూ, పైన చల్లబడ్డట్టు ఉంటుంది గానీ లోపల వేడి ఇంకా చర్మాన్ని కాలుస్తూనే ఉంటుంది. కాలి మూడు గంటలు దాటకపోతే ఆలస్యమైనా ఈ పని చెయ్యొచ్చు, ఉపయోగం ఉంటుంది. మన వైజాగ్‌లో ఎండాకాలం మధ్యాహ్నం ఒక ఇబ్బంది ఉంది, మేడ మీద ట్యాంకులో నీళ్ళు మరిగినట్టు వస్తాయి. ముందు కుళాయి కాసేపు వదిలి చేత్తో చూడండి, వేడి తగ్గకపోతే లోపల నీడలో పెట్టిన బకెట్లో నీళ్ళు మగ్గుతో మెల్లగా పోస్తూ ఉండండి. ఐసు పెట్టకూడదు, ఐసు వల్ల చర్మం ఇంకా పాడవుతుంది. గాజులు, ఉంగరం, చేతికి కట్టిన తాడు అన్నీ వాపు రాకముందే తీసెయ్యాలి, బట్ట చర్మానికి అతుక్కుపోతే మాత్రం లాగొద్దు.

మా ఆడపడుచుతో కూడా అదే చేయించాను, అప్పటికి నలభై నిమిషాలే అయింది కాబట్టి పసుపు పోయేదాకా 20 నిమిషాలు నీళ్ళు పోసి అప్పుడు మళ్ళీ ఫోటో తియ్యమన్నా. ఎలా తియ్యాలో చెప్తాను వినండి. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫిల్టర్ లేకుండా. ఒకటి దూరం నుంచి, చెయ్యి మొత్తం కనిపించాలి, ఎక్కడ కాలిందో తెలియాలి. ఇంకోటి దగ్గర నుంచి, పక్కనే పాప రెండో అరచెయ్యి పెట్టి. పిల్లల అరచెయ్యి వేళ్ళతో సహా వాళ్ళ ఒంట్లో సుమారు 1 శాతం, అందుకని కొలతకి అదే మంచిది, పెద్దవాళ్ళ చెయ్యి పెడితే కాలింది చిన్నదిగా కనిపించి మోసపోతాం. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా తెలియదు, అందుకే రెండో చేతి మీద అదే చోటు కూడా ఫోటోలో ఉంటే పోల్చి చూడొచ్చు.

ఇక ఫోటో ఒక్కటీ చెప్పలేని సంగతి ఒకటుంది, దానికి చిన్న వీడియో కావాలి. చేతులు కడుక్కుని, బొబ్బ మీద కాకుండా ఎర్రగా ఉన్న చోట వేలితో మెల్లగా నొక్కి వదిలేస్తే ఆ చోటు తెల్లబడి రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. అలా అయితే రక్తం తిరుగుతోందని, ఎక్కువ లోతుగా కాలలేదని. నొక్కినా రంగు మారకపోయినా, ముందే తెల్లగా మైనంలా గానీ గోధుమరంగులో గానీ ఉన్నా, ముట్టుకుంటే నొప్పి లేదన్నా లోతుగా కాలింది. పాప ఏడుస్తోందంటే ఒక రకంగా నాకు ధైర్యం, ఏడవకపోతేనే భయం.

పాప రెండో ఫోటోలో గులాబీ రంగు మచ్చ, అరచేతిలో సగం కూడా లేదు, మధ్యలో శనగగింజంత బొబ్బ ఒకటి. నొక్కితే రంగు తిరిగొచ్చింది, గట్టిగా ఏడ్చింది. మణికట్టుకి, మోచేతికి మధ్యలో ఉంది, కీలు మీద లేదు. ఇంట్లో చాలు అన్నాను. అదే మొహం, మెడ, అరచెయ్యి, పాదం, మర్మావయవాలు, కీళ్ళు కాలినా, చెయ్యి చుట్టూ కాలినా, పాప అరచేతి కంటే పెద్దగా ఉన్నా, కరెంటు వల్ల గానీ యాసిడ్ లాంటి వాటి వల్ల గానీ అయినా నేను ఫోటో కోసం కూడా ఆగమనను, నీళ్ళు పోసి బయలుదేరమంటాను (కరెంటు అయితే ముందు మెయిన్ ఆపి). అయిదేళ్ళలోపు పిల్లలకి చిన్న గాయమైనా అదే రోజు డాక్టరుకి చూపించాలి.

ఇంట్లో చెయ్యాల్సింది పెద్దగా లేదు. బొబ్బ పగలగొట్టొద్దు. మెడికల్ షాపులో జెల్లీ పూసిన గాజ్ గుడ్డ దొరుకుతుంది, అది వేసి పైన వదులుగా కట్టు. నొప్పికి పారాసెటమాల్ సిరప్ కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన, పాప 20 కిలోలు కాబట్టి 300 మిల్లీగ్రాములు. సీసా మీద 5 ఎంఎల్‌కి 250 అని ఉంటే 6 ఎంఎల్, 120 అని ఉంటే 12.5 ఎంఎల్, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు, అందుకే సీసా ఫోటో కూడా పంపమంటాను. ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లకి మించకుండా. టీకాల కార్డు కూడా చూడండి, అయిదేళ్ళప్పుడు వేసే డీపీటీ బూస్టర్ చాలామందికి మిగిలిపోతుంది, అందులోనే ధనుర్వాతం టీకా ఉంది.

ఇదే పాపకి తెగిన గాయం అయ్యుంటే ఫోటో ఇంకా తక్కువ చెప్తుంది, పది నిమిషాలు శుభ్రమైన గుడ్డతో వదలకుండా నొక్కాక కూడా రక్తం ఆగకపోయినా, అంచులు విడిపోయి నోరు తెరుచుకున్నట్టున్నా, వేలు మడవలేకపోయినా కుట్లకి వెళ్ళాల్సిందే.

కాలిన గాయానికి మొదటిరోజు చెప్పింది చివరి మాట కాదు, రెండు మూడు రోజుల్లో లోతు పెరగొచ్చు. అందుకే రోజూ అదే కిటికీ దగ్గర అదే టైముకి ఫోటో తియ్యమన్నా. మూడో రోజు ఫోటోలో బొబ్బ దానంతటదే చితికిపోయి మధ్యలో రూపాయి బిళ్ళంత చోటు పాలిపోయి తెల్లగా కనిపించింది. "అక్కడ ముట్టుకున్నా నొప్పి లేదంటోంది వదినా, తగ్గిపోతోంది" అని సంతోషంగా చెప్పింది పాపం. నొక్కి చూపించమన్నా, రంగు మారలేదు. వెంటనే కేజీహెచ్ ఆసుపత్రికి బయలుదేరమన్నాను. కాలిన తర్వాత ఈ కొద్ది రోజుల్లో జ్వరం, వాంతులు, ఒంటి మీద దద్దుర్లు, లేదా పిల్ల నీరసంగా వాలిపోవడం కనిపిస్తే గాయం ఎంత చిన్నదైనా రాత్రైనా సరే తీసుకెళ్ళాలి, పిల్లల్లో చిన్న కాలిన గాయం నుంచి కూడా విషం రక్తంలోకి ఎక్కే ప్రమాదం ఉంది.

పాపకి అవేమీ లేవు. డాక్టరు ఫోనులో ఫోటోలు వరసగా చూసి, మొదటిరోజు గులాబీ రంగు, మూడో రోజు తెలుపు పక్కపక్కన పెట్టి, మధ్యలో లోతు పెరిగిందని చెప్పి డ్రెస్సింగ్‌కి రమ్మన్నారు. మూడు వారాలు పట్టింది మానడానికి, చిన్న మచ్చ మిగిలింది.