పాపిడి వెడల్పైందా, ఫొటో అలా పడిందా?

స్కిన్ క్లినిక్‌లో పేషెంట్ల తల ఫొటోలు తీసే పని నాది. అందుకే మా ఇంట్లో ఎవరికి జుట్టు ఊడినా డాక్టర్ కన్నా ముందు నా ఫోన్‌కే ఫొటో వస్తుంది. జనవరిలో మా వదిన పంపింది: "చూడు, నెత్తంతా కనిపిస్తోంది. బట్టతల వచ్చేస్తుందా?" తలస్నానం చేసి బాత్రూమ్ లైటు కింద, చెయ్యి పైకెత్తి తనే తీసుకున్న సెల్ఫీ అది. అందులో నిజంగానే నెత్తంతా తెల్లగా ఉంది. కానీ ఆ ఫొటోను నమ్మడానికి లేదు.

సమస్య: ఫొటోలో నెత్తి కనిపిస్తోంది, అద్దంలో అంతగా లేదు

తడి జుట్టు పాయలు పాయలుగా అతుక్కుంటుంది, పాయల మధ్య చర్మం బయటపడుతుంది. నూనె రాసినా అంతే. తలకు సరిగ్గా పైన ఉన్న లైటు, ఫోన్ ఫ్లాష్ చర్మం మీద పడి మెరుస్తాయి. మన జుట్టు నలుపు కాబట్టి ఆ మెరుపు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చెయ్యి చాపి దగ్గర నుంచి తీస్తే లెన్స్‌కు దగ్గరగా ఉన్న నడినెత్తి ఉన్నదానికంటే పెద్దదిగా పడుతుంది. బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉంటే సన్న వెంట్రుకలను చెరిపేస్తుంది కూడా.

పరిష్కారం: తలస్నానం చేసిన మర్నాడు, నూనె లేకుండా, పూర్తిగా ఆరిన జుట్టుతో పగటిపూట కిటికీ పక్కన కూర్చోండి. ఫొటో ఇంకొకరు తీయాలి. ఫ్లాష్, ఫిల్టర్ ఆపేసి, ఒక మూర దూరం నుంచి 2x జూమ్‌తో తీయమనండి. మూడు ఫొటోలు చాలు: నడిపాపిడి తీసి గడ్డం దించి పైనుంచి ఒకటి, సుడి దగ్గర ఒకటి, తల వెనక చెవుల ఎత్తులో అడ్డంగా పాపిడి తీసి ఒకటి. ఈ మూడోది అందరూ వదిలేస్తారు, నాకు మాత్రం అన్నిటికన్నా అదే ముఖ్యం. మామూలు వంశపారంపర్య పలచదనం ఆ చోటి జుట్టును సాధారణంగా ముట్టుకోదు. అంటే మీ జుట్టు అసలు ఒత్తు ఎంతో చెప్పే కొలబద్ద మీ తల మీదే ఉంది. ఇంటర్నెట్‌లో ఇంకొకరి తలతో పోల్చుకోవడం దండగ.

సమస్య: సుడి దగ్గర గుండ్రంగా ఖాళీ

మగపిల్లలు ఎక్కువగా భయపడేది దీనికే. సుడి దగ్గర వెంట్రుకలు తలో వైపుకు తిరుగుతాయి కాబట్టి మధ్యలో కాస్త చర్మం కనిపించడం సహజం, రెండు సుడులుంటే ఇంకొంచెం ఎక్కువ. ఖాళీ చుట్టూ ఉన్న వెంట్రుకలు తల వెనకవాటంత లావుగా ఉంటే అది సుడే. సన్నగా, పొట్టిగా, నూగులా మారుతూ ఆ ఖాళీ మూడు నెలల తర్వాతి ఫొటోలో పెద్దదైతే పలచదనం మొదలైనట్టు. నుదుటి రెండు మూలలు కూడా వెనక్కి జరుగుతుంటే అనుమానం బలపడుతుంది.

సమస్య: పాపిడి వెడల్పైంది

మా వదినది ఇదే. అన్నయ్య చేత కిటికీ దగ్గర మళ్లీ తీయించాను. నెత్తి తెల్లదనం చాలావరకు పోయింది, కానీ పాపిడి మాత్రం నుదుటి దగ్గర వెడల్పుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా, పొడుగాటి త్రికోణంలా పడింది. ముందు భాగంలో పాపిడి వెడల్పు వెనకదానికి దాదాపు రెట్టింపు. నుదుటి అంచున జుట్టు మాత్రం అలాగే ఉంది. ఆడవాళ్లలో వంశపారంపర్యంగా వచ్చే పలచదనం తరచుగా ఈ రూపంలోనే కనిపిస్తుంది.

అయితే ఆమెకు అక్టోబర్‌లో డెంగీ వచ్చింది, డిసెంబర్ చివర నుంచి దువ్వెన నిండా జుట్టు వస్తోంది. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఒక్కసారిగా బరువు తగ్గడం లాంటివి జరిగిన రెండు మూడు నెలలకు జుట్టు కుప్పలుగా రాలడం మామూలే. ఆ దెబ్బకు విశ్రాంతి దశలోకి వెళ్లిన వెంట్రుకలు అప్పటికి ఊడిపోతాయి. ఇది తల అంతటా ఒకేలా పలచబరుస్తుంది, కాబట్టి ముందూ వెనకా పాపిడి దాదాపు ఒకే వెడల్పులో ఉండాలి. సాధారణంగా ఆరు నెలల్లోపు రాలడం తగ్గి జుట్టు తిరిగి వస్తుంది.

మరి వదినది ఏది? రెండూ. రాలడం ఏప్రిల్‌కల్లా ఆగింది. వెనక పాపిడి ఎప్పట్లా ఉంది, నుదుటి దగ్గరది మాత్రం మే నెలలో తీసిన ఫొటోలో కూడా అలాగే ఉంది. లోపల మెల్లగా నడుస్తున్న పలచదనాన్ని జ్వరం బయటపెట్టింది. ఇలాంటప్పుడు ఒక్క ఫొటోతో తేల్చేయకూడదు, మూడు నెలల తేడాతో తీసిన రెండు ఫొటోలైనా ఉండాలి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి వారం వారం తీసుకుంటే టెన్షన్ తప్ప ఏమీ తెలియదు.

ఫొటోకు ఇంకో హద్దు ఉంది. దాదాపు సగం ఒత్తు తగ్గేదాకా చాలామందిలో పలచదనం కంటికి ఆనదు. పైగా వెంట్రుకల సంఖ్య తగ్గిందా, ఉన్నవే సన్నబడ్డాయా అన్నది ఫోన్ ఫొటో చెప్పలేదు. వదినను చూసిన చర్మవైద్యురాలు చర్మాన్ని, వెంట్రుకలను పెద్దవిగా చూపించే డెర్మటోస్కోప్ పెట్టి చూస్తే, నుదుటి దగ్గర లావు వెంట్రుకల మధ్య సన్నవి బాగా కలిసి కనిపించాయి. వెనక అన్నీ ఒకే మందం. రోగనిర్ధారణ అక్కడ తేలింది. రక్తపరీక్షలో ఐరన్ నిల్వలు కూడా తక్కువని వచ్చింది. థైరాయిడ్ మామూలే. ఆ పరీక్షకు ముందు, బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నానని వదిన చెప్పడం మంచిదైంది. అవి థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపించగలవు, అందుకే కొన్ని రోజులు ఆపి పరీక్ష చేయించారు.

ఫొటోలు పక్కనబెట్టి డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సినవి

నున్నగా, నాణెంలా గుండ్రంగా జుట్టు ఊడితే అది చాలావరకు పేనుకొరుకుడు. పేరులో పేను ఉన్నా పేలకు దానితో సంబంధం లేదు, మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద దాడి చేస్తుంది. ఉల్లిరసం రుద్ది నెలలు గడపకండి. పిల్లల తలలో పొట్టు, విరిగిన వెంట్రుకలు, దురద ఉంటే తామర కావచ్చు. దానికి పైపూత ఒక్కటే చాలదు, నోటి మందు కావాలి.

అన్నిటికన్నా తొందరగా చూపించాల్సింది ఇంకొకటి. చర్మం మెరుస్తూ, రంధ్రాలు మూసుకుపోయినట్టు ఉండి, మంట, నొప్పి, కుదుళ్ల చుట్టూ ఎరుపు ఉంటే అది మచ్చ కట్టే రకం కావచ్చు. అక్కడ పోయిన కుదురు తిరిగి రాదు, కాబట్టి మూడు నెలల తర్వాతి ఫొటో కోసం ఆగకూడదు. ఆడవాళ్లలో నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం తోడైనా, ఆరు నెలలు దాటినా రాలడం ఆగకపోయినా చూపించుకోవాలి. కణతల దగ్గర మాత్రమే పలచబడితే జడ బిగువు ముందు తగ్గించండి.

వదినకు ఐరన్‌తో పాటు, జుట్టు పెరగడానికి తలకు పూసుకునే మందు మినాక్సిడిల్ రాశారు. గర్భం ఉందా, ప్లాన్ చేస్తున్నారా అని అడిగాకే రాశారు. మొదటి కొన్ని వారాలు ఇంకొంచెం రాలవచ్చని ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే జూన్‌లోనే సీసా పారేసేది. ఆగస్టు ఫొటోలో తేడా ఏమీ కనిపించలేదు. నవంబర్‌లో, అదే కిటికీ పక్కన, అదే దూరం నుంచి అన్నయ్య తీసిన దాంట్లో పాపిడి పొడవునా పొట్టి వెంట్రుకలు నిటారుగా లేచి ఉన్నాయి.