వైఫై గీతలు నిండుగా ఉన్నా నెట్ రాదు: ఫోన్ ఎక్స్‌టెండర్‌ని పట్టుకుని వదలకపోతే

సమస్య

మా ఇంట్లో రూటర్ కింద హాల్లో ఉంటుంది. మేడ మీద గదికి సిగ్నల్ అందడం లేదని మెట్ల పక్కన ప్లగ్గులో ఒక ఎక్స్‌టెండర్ పెట్టాం. రెండింటికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి మేడ మీద ఫోన్లో గీతలన్నీ కనిపించేవి కానీ నెట్ వచ్చేది కాదు. వైఫై ఆపి మళ్లీ ఆన్ చేసినా అంతే. కింద టీవీలో మాత్రం వీడియో హాయిగా నడుస్తుండేది.

ఎందుకిలా అవుతుంది

ఆ గీతలు ఇంటర్నెట్‌వి కావు. ఫోన్‌కీ, అది పట్టుకున్న పెట్టెకీ మధ్య సిగ్నల్ ఎంత బలంగా ఉందో మాత్రమే చెబుతాయి. రూటర్‌తో లింకు తెగిపోయినా చాలా ఎక్స్‌టెండర్లు తమ వైఫై పేరును ప్రసారం చేస్తూనే ఉంటాయి. దేనికి కలవాలో నిర్ణయించేది ఫోనే, అది ముఖ్యంగా చూసేది సిగ్నల్ బలం. ఒకసారి కలిశాక తొందరగా వదలదు కూడా. ఐఫోన్ అయితే సిగ్నల్ మైనస్ 70 డీబీఎం కంటే తగ్గే దాకా అదే పేరుతో ఉన్న ఇంకో పెట్టె కోసం వెతకదు. ఎక్స్‌టెండర్ పక్కనే కూర్చుంటే అంత తగ్గదు.

‘ఫర్‌గెట్’ కొట్టి మళ్లీ కలిపినా లాభం లేకపోవడానికి కారణం ఇదే. పేరు ఒకటే కాబట్టి ఫోన్‌కి అవి రెండూ ఒకటే నెట్‌వర్క్. మళ్లీ వెళ్లి బలంగా ఉన్నదానికే కలుస్తుంది.

ఎలా పట్టుకోవాలి

ముందు ఎక్స్‌టెండర్‌ని ప్లగ్గులోంచి తీసేయండి. కాసేపట్లో ఫోన్ రూటర్‌కి మారి, గీతలు తగ్గినా నెట్ వచ్చిందంటే తప్పు ఎక్స్‌టెండర్ వైపే ఉంది. అప్పటికీ రాకపోతే రూటర్ పక్కన నిలబడి చూడండి. అక్కడా రాకపోతే రూటర్‌నో నెట్ కంపెనీ లైన్‌నో అనుమానించాలి.

విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే ఎక్స్‌టెండర్‌ని మళ్లీ పెట్టి, దానికి కలిసి ఉండగా కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ రెండూ కొట్టండి. రూటర్ అడ్రస్ వేరైతే అది వేయండి.

```
ping 192.168.1.1
netsh wlan show networks mode=bssid
```

మొదటిదానికి `Request timed out` లేదా `Destination host unreachable` వస్తే మీ ల్యాప్‌టాప్ రూటర్ దాకా వెళ్లడం లేదు. ల్యాప్‌టాప్ ఐపీ 169.254తో మొదలైనా సంగతి అదే, అడ్రస్‌లు ఇచ్చే రూటరే అందడం లేదన్నమాట.

రెండోది ఆ పేరుతో ఉన్న పెట్టెలన్నిటినీ విడివిడిగా చూపిస్తుంది. మా ఇంట్లో గుట్టు బయటపడింది ఇక్కడే:

```
BSSID 1   Signal : 92%   Channel : 6
BSSID 2   Signal : 48%   Channel : 13
```

92 శాతం ఉన్నది ఎక్స్‌టెండర్, 48 ఉన్నది రూటర్. మా ఎక్స్‌టెండర్‌లో ఒకటే రేడియో, కాబట్టి లింకు ఉంటే రెండూ ఒకే ఛానెల్‌లో ఉండాలి. రూటర్‌లో ఛానెల్ ‘ఆటో’లో ఉంది. కరెంటు వచ్చి ఆన్ అయినప్పుడల్లా అది కొత్తగా ఛానెల్ ఎంచుకుంటుంది. ఆ రోజు 13 తీసుకుంది. మా ఎక్స్‌టెండర్ 1 నుంచి 11 దాకానే చూస్తుంది, ఇక దానికి రూటర్ కనపడనే కనపడదు. అందుకే కొన్ని రోజులు బాగుండేది, కొన్ని రోజులు ఉండేది కాదు.

పరిష్కారం

రూటర్ పేజీలోకి వెళ్లి 2.4 గిగాహెర్ట్జ్ ఛానెల్‌ని ఆటో నుంచి తీసి 1, 6, 11లో ఒకదానికి పెట్టండి. తర్వాత ఎక్స్‌టెండర్‌ని ఒకసారి తీసి పెట్టండి. మాకు దీంతోనే కుదిరింది.

ఛానెల్ సరిగ్గానే ఉండి లింకు రాకపోతే, రూటర్ పాస్‌వర్డ్ గానీ సెక్యూరిటీ రకం గానీ ఈ మధ్య మార్చారేమో గుర్తు చేసుకోండి. ఫోన్లలో కొత్తది కొట్టి ఎక్స్‌టెండర్‌ని మర్చిపోతుంటారు. దాన్ని రీసెట్ చేసి మళ్లీ సెట్ చేయాలి. రూటర్‌కి మరీ దూరంగా పెట్టినా లింకు తెగుతూ ఉంటుంది, గదిలో కాకుండా రూటర్‌కీ గదికీ సగం దారిలో పెట్టాలి.

ఇంకొకటి, ఎక్స్‌టెండర్ ఇన్వర్టర్ లైన్ మీద, రూటర్ మామూలు లైన్ మీద ఉంటే కరెంటు పోయిన ప్రతిసారీ ఈ బాధ తప్పదు. రెండింటినీ ఇన్వర్టర్ మీదే పెట్టండి.

ఇవన్నీ చేసినా అప్పుడప్పుడూ తెగుతుంటే ఎక్స్‌టెండర్‌కి వేరే పేరు పెట్టి, ఫోన్లో ఆ పేరుకి ఆటో జాయిన్ తీసేయండి. మేడ మీదికి వెళ్లినప్పుడు మనమే కలుపుకోవాలి, అది కాస్త విసుగే. కానీ లింకు పోయిన పెట్టెకి ఫోన్ తనంతట తాను వెళ్లి కలవదు.