వానల కాలంలో మునగాకు పొడి కొనేవాళ్లకు జాగ్రత్తలు

ఈశాన్య వానలు పడ్డాక నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మునగ చిగురు బాగా వస్తుంది. ఆ చిగురుకి గొంగళిపురుగు పడుతుంది, పురుగుకి మందు కొడతారు. అందుకే రోజూ మునగాకు పొడి వాడేవాళ్లు ఈ చిగురు వచ్చే కాలమంతా ఆకు ఎక్కడిదో అడిగి మరీ కొనాలి.

కూరకి వాడే పచ్చి ఆకు కంటే పొడి విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. పచ్చి ఆకులో ముప్పాతిక వంతు పైనే నీళ్లుంటాయి, అందుకే కిలో పొడికి నాలుగైదు కిలోల ఆకు పడుతుంది. పచ్చి ఆకు కిలోకి 0.2 మిల్లీగ్రాముల మందు మిగిలి ఉంటే, ఆరబెట్టేటప్పుడు కొంత పోయినా, పొడిలో అది 0.8 దాకా చేరొచ్చు. కడిగితే పైపైన ఉన్నది కొంత పోతుంది. ఇమిడాక్లోప్రిడ్, ఎసిఫేట్ లాంటి అంతర్వాహిక మందులు ఆకు లోపలికే వెళ్తాయి కాబట్టి వాటిని ఎంత కడిగినా పోగొట్టలేం.

కావలిలోనో ఒంగోలులోనో ఒక షాపులో వంద గ్రాముల ప్యాకెట్ తీసుకున్నారనుకోండి. ముందువైపు ఆకు బొమ్మ, ‘ఆర్గానిక్’ అనే మాట, వెనక 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉన్నాయి. ఆ నంబరు తయారీదారుకి ఆహార లైసెన్సు ఉందని చెబుతుంది, అంతే. పొలంలో మందు కొట్టలేదని చెప్పదు. దానికి ఇండియా ఆర్గానిక్ లేదా పీజీఎస్ ఇండియా లాంటి సేంద్రియ ధ్రువీకరణ గుర్తు ఉండాలి. ‘పీజీఎస్ ఇండియా గ్రీన్’ అని ఉంటే ఆ పొలం ఇంకా సేంద్రియంలోకి మారే దశలోనే ఉందని అర్థం. సర్టిఫికెట్ అడిగి, అందులో పంటల జాబితా చూడండి. వరికి, పసుపుకి తీసుకున్న సర్టిఫికెట్ చూపించి మునగాకు అమ్మితే ఒప్పుకోకండి.

ల్యాబ్ రిపోర్టు ఇస్తే మొదట దాని మీది బ్యాచ్ నంబరు ప్యాకెట్ మీదిదేనా చూడండి. తర్వాత ఏం పరీక్ష చేశారో చూడండి. చాలాసార్లు భార లోహాలు, సూక్ష్మజీవులు మాత్రమే చూసి ‘పాస్’ అని రాసి ఉంటుంది. పురుగుమందుల పట్టిక విడిగా ఉండాలి, ఎంత తక్కువ మోతాదు వరకు కొలవగలిగారో కూడా రాసి ఉండాలి. అది కిలోకి 0.01 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే ‘కనబడలేదు’ అన్న మాటని నమ్మొచ్చు.

నేరుగా అమ్మే చిన్న రైతు దగ్గర ఈ గుర్తులు ఉండకపోవచ్చు, చట్టం కూడా వాళ్లకి మినహాయింపు ఇచ్చింది. నా ఉద్దేశంలో అలాంటి రైతుని రెండే అడిగితే చాలు: ఇది ఆకు కోసమే పెంచిన మడిదా, కాయతోటలో కొమ్మలు కొట్టినప్పుడు వచ్చిన ఆకా? చివరిసారి ఏ మందు, ఏ రోజు కొట్టారు? కాయతోటలో పూతకీ పురుగుకీ మందు పడుతుంది, ఆ ఆకే చవగ్గా పొడి చేసేవాళ్లకి వెళ్లే అవకాశం ఉంది. మందు పేరు, తేదీ చెప్పలేకపోతే ఆ ఆకుతో పొడి చేసుకోవద్దు.