మామిడి పెట్టె అమ్మకానికి పెట్టే ముందు ఈ నాలుగు మాటలు సరిచూసుకోండి

ఏప్రిల్ వస్తోందంటే తోట నుంచి నేరుగా ఇంటికి మామిడి పంపేవాళ్లకు టెన్షన్ మొదలు. మొదటి ఏడాది నేను ‘తియ్యటి బంగినపల్లి పండ్లు, 5 కిలోలు’ అని రాసి పెట్టాను. హైదరాబాద్‌లో ఒకావిడ పెట్టె తెరిచి చూస్తే అన్నీ ఆకుపచ్చ కాయలే. పాడవుతాయేమోనని అన్నింటినీ ఫ్రిజ్‌లో పెట్టేశారు. వారం తర్వాత తొక్క నల్లబడింది, లోపల చప్పగా ఉంది. తప్పు ఆవిడది కాదు, నేను రాసిన ‘పండ్లు’ అన్న మాటది.

ప్రయాణాన్ని తట్టుకునేది గట్టికాయే. కాబట్టి చేరేసరికి ఎలా ఉంటుందో ముందే చెప్పాలి: పచ్చిగా గట్టిగానా, దోరగానా, తినడానికి సిద్ధంగానా? రంగు ఒక్కటే రాస్తే చాలదు. సువర్ణరేఖకు కాయగా ఉన్నప్పుడే ఎర్ర ఛాయ వస్తుంది, చూసినవాళ్లు పండిందనుకుంటారు. తొడిమ దగ్గర వాసన వచ్చి, వేలితో మెల్లగా నొక్కితే కాస్త లోపలికి పోతే పండినట్టు అని రాయండి.

రకం పేరు పూర్తిగా ఉండాలి. ఉత్త ‘రసాలు’ అంటే కొందరు చిన్న రసాలనుకుంటారు, కొందరు పెద్ద రసాలు. అవి పిండుకుని జుర్రుకునేవి. ముక్కలు కోసుకుందామనుకున్నవాళ్లకు అదీ చెప్పకపోతే మాట పడాల్సిందే.

బరువు దగ్గర అసలు గొడవ. అట్టపెట్టె, వరిగడ్డి కలిపి తూచకండి. కాయల నికర బరువే రాయండి. కోసిన దగ్గర్నుంచి కాయ నీరు కోల్పోతూనే ఉంటుంది, అందుకే 5 కిలోలని రాస్తే నేను 5.3 కిలోలు సర్దుతాను. ఆ 300 గ్రాములు నష్టమని మా అన్నయ్య గొణుగుతాడు. ఫోన్‌లో సంజాయిషీ చెప్పేది మాత్రం నేను!

నిల్వ మాట చివర్లో కాకుండా ధర పక్కనే పెట్టండి. 12 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే పచ్చికాయ దెబ్బతింటుంది, ఇంట్లో ఫ్రిజ్ అంతకన్నా చల్లన. నేనిప్పుడు రాసేది ఇదీ:

‘బంగినపల్లి, నూజివీడు తోట. నికర బరువు 5 కిలోలు, సుమారు 12 నుంచి 15 కాయలు. చేరేసరికి గట్టిగా, ఆకుపచ్చగా ఉంటాయి. పెట్టె తెరిచి, గాలి తగిలేలా గడ్డిలో పరచండి. 3 నుంచి 5 రోజుల్లో ఒకటొకటిగా పండుతాయి. పండినవాటినే ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినేయండి. కార్బైడ్ వాడలేదు.’

ఆ చివరి మాట నిజమైతేనే రాయండి, పండించడానికి కార్బైడ్ వాడటం నిషేధం. ఇక లేత కాయ కోస్తే ఈ రాతలేవీ కాపాడవు. తొడిమ చుట్టూ భుజాలు నిండకముందే కోసింది పండదు, ముడతలు పడుతుంది. మొదటి కోతకు తొందరపడి ఏప్రిల్ మొదట్లోనే ఆర్డర్లు తెరిచేవాళ్లు ముందు ఒక కాయ కోసి, లోపల కండ పసుపు తిరిగిందో లేదో చూసుకోవాలి.