వాదాన్ని విప్పి చదవడం – 4వ పాఠం: మూడో మనిషి

పోయిన పాఠంలో ఒక వాదంలో పైకి చెప్పిన మాటలనూ, చెప్పకుండా లోపల నమ్ముకున్న మాటలనూ వేరు చేయడం చూశాం. ఈసారి ఆ పని ప్లేటో ‘పార్మెనిడీస్’ సంభాషణలోని ఒక వాదం మీద చేద్దాం. అసలు పాఠం చాలా చిన్నది. మంచి ప్రచురణ ఏది తీసుకున్నా, పేజీ అంచున 132 అనే అంకె దగ్గర దొరుకుతుంది. ముందు ఒకసారి అది చదివి ఇటు వస్తే మేలు.

అందులో సోక్రటీసు ఇంకా కుర్రవాడు. ఎలియా నుంచి ఏథెన్సుకు వచ్చిన పార్మెనిడీస్‌కు దాదాపు 65 ఏళ్లు. సోక్రటీసు రూపాల సిద్ధాంతాన్ని ఉత్సాహంగా చెబుతాడు. కొండ పెద్దది, ఓడ పెద్దది, ఏనుగు పెద్దది. ఇవన్నీ పెద్దవి కావడానికి కారణం ఒక్కటే, అది పెద్దదనం అనే రూపం. ఆ రూపం కంటికి కనపడదు, మారదు, ఈ వస్తువులకు వేరుగా ఉంటుంది. వస్తువులు అందులో పాలుపంచుకుంటాయి కాబట్టే పెద్దవి అవుతాయి.

పార్మెనిడీస్ దీన్ని కాదనడు. సోక్రటీసు ఏ దారిలో అక్కడికి వచ్చాడో అదే దారిలో ఇంకొక్క అడుగు వేయిస్తాడు. పెద్ద వస్తువులన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే వాటన్నిటిలో ఒకటే పోలిక కనిపించింది కదా, అందుకే పెద్దదనం ఒకటి అన్నావు. మరి ఆ పెద్దదనాన్ని కూడా మిగతా పెద్ద వస్తువుల పక్కన పెట్టి, మనసుతో అదే విధంగా చూడు. వీటన్నిటినీ పెద్దవిగా కనిపింపజేసే మరో పెద్దదనం కనపడదా? దాన్ని కూడా కలిపి చూస్తే ఇంకొకటి వస్తుంది. అలా నీ రూపం ఒకటిగా మిగలదు, లెక్కకు అందనన్ని అవుతాయి.

ఇక్కడ వాదంలో ఉన్నది పెద్దదనం, మనిషి కాదు. ఇదే చిక్కును మనిషి ఉదాహరణతో ‘మూడో మనిషి’ అని పిలిచింది అరిస్టాటిల్. మామూలు మనుషులు, మనిషి అనే రూపం, ఆ రెండింటికీ కలిపి మరో మనిషి. ఆ పేరే స్థిరపడింది.

ఇప్పుడు కాగితం తీసుకుని విప్పుదాం. మొదటి రూపాన్ని ప1 అనండి. కొండ, ఓడ, ఏనుగు ఒక గుంపు, వాటి పైన ప1. ఈ అడుగు సోక్రటీసు పైకి ఒప్పుకున్న మాట మీదే నిలుస్తుంది: ఒకే గుణం ఉన్న గుంపు కనపడితే, ఆ గుణానికి కారణమైన ఒక రూపం ఉంటుంది. తర్వాతి గుంపు కొండ, ఓడ, ఏనుగు, ప1. దీన్ని గుంపు అనాలంటే ప1 కూడా పెద్దదై ఉండాలి. ఈ మాట పార్మెనిడీస్ పైకి అనలేదు. అంటే రూపం తాను ఏ గుణాన్ని ఇస్తుందో ఆ గుణం తనకూ ఉంటుందని లోపల నమ్ముకున్నాడు. ఇప్పుడు ఈ కొత్త గుంపుకు రూపం కావాలి. అది ప1 ఎందుకు కాకూడదు? కాకూడదని చెప్పడానికి ఇంకో మాట కావాలి: గుంపుకు కారణమైన రూపం ఆ గుంపులో సభ్యురాలు కాకూడదు. ఇదీ చెప్పని మాటే. అది ఉంటేనే ప2 వస్తుంది, ఆ తర్వాత ప3.

ఈ రెండు దాగిన మాటలను విడదీసి చూపి, పెద్ద చర్చకు తెర తీసింది గ్రెగరీ వ్లాస్టోస్ 1954లో రాసిన వ్యాసం. విద్యార్థులు ఎక్కువగా తడబడేది రెండో మాటను రాసేటప్పుడే. ‘ఏది పెద్దదైనా, అది పెద్దదనం కాదు’ అని రాశారనుకోండి. ప1 పెద్దదని ముందే ఒప్పుకున్నాం. కాబట్టి ప1 పెద్దదనం కాదు, అంటే ప1 ప1 కాదు! అనవస్థ దాకా, అంటే ఎక్కడా ఆగని ఆ వరుస దాకా, వెళ్లనక్కర్లేదు, మొదటి మెట్టు దగ్గరే వాదం విరుద్ధంగా తేలిపోతుంది. వ్లాస్టోస్ కూడా ఈ విరుద్ధతనే ఎత్తి చూపాడు. తర్వాత వచ్చిన పండితుల్లో కొందరు ఆ మాటను నేను పైన రాసినట్టు గుంపుల లెక్కలో మార్చి రాశారు. అప్పుడు ప1 తన కింది గుంపుకు మాత్రమే బయట ఉండాలి. మెట్లు నిజంగా ఒకదాని మీద ఒకటి లేస్తాయి. పార్మెనిడీస్ మాటల నడకకు ఈ రెండో రాతే దగ్గరగా ఉందని నా అభిప్రాయం. వాదానికి ఆధారంగా మీరు రాసిన మాట సరైనదో కాదో తెలుసుకోవడానికి పరీక్ష ఇదే: అది ప2ను పుట్టించాలి, ప1ను చంపకూడదు.

సరే, రూపాలు అనంతం అయితే నష్టమేమిటి? అంకెలూ అనంతమే, ఎవరికీ ఇబ్బంది లేదు. ‘వాన పడుతోంది’ నిజమైతే, ‘అది నిజం’ అన్నదీ నిజం, దాని మీద ఇంకొకటీ నిజం. ఆ వరుస ఎంత పొడుగైనా హాని చేయదు, ఎందుకంటే మొదటి వాక్యం నిజం కావడానికి పై వాక్యాల సాయం అక్కర్లేదు. ఇక్కడ అలా కాదు. ప్లేటో రూపాన్ని తెచ్చిందే ‘ఇది ఎందుకు పెద్దది’ అన్నదానికి ఆఖరి జవాబుగా. కొండ పెద్దది కావడానికి ప1 కారణం అన్నాం. కానీ ప1 పెద్దది కావడానికి ప2 కావాలి, దానికి ప3 కావాలి. జవాబు ఎప్పటికీ పూర్తి కాదు. పైగా ఒక్కో గుణానికి ఒక్కటే రూపం అన్న మాట పోతుంది. ‘రిపబ్లిక్’ పదో భాగంలో ప్లేటోయే మంచం ఉదాహరణతో ఆ మాట కోసం వాదించాడు: దేవుడు రెండు మంచాల రూపాలు చేసి ఉంటే, ఆ రెండింటికీ ఉమ్మడిగా మరో రూపం తేలేది, అదే అసలైన మంచం అయ్యేది. అక్కడ ఏకత్వాన్ని నిలబెట్టిన నడకే ఇక్కడ దాన్ని పడగొడుతోంది. అందుకే ఈ ఆక్షేపణ బయటి శత్రువు వేసిన రాయి కాదు, సిద్ధాంతం సొంత ఎముకల్లోంచే వచ్చింది.

మన దేశపు పాత తర్క సంప్రదాయాలకు చెందిన న్యాయవైశేషికులకూ ఈ ప్రమాదం తెలుసు. ఆవులన్నిటిలో గోత్వం అనే జాతి, అంటే వాటన్నిటికీ ఉమ్మడి అయిన ఒకే తత్వం, ఉందన్నవాళ్లే, జాతులకు మళ్లీ జాతి ఉందంటే ఒప్పుకోలేదు. వాళ్లలో ఒకడైన ఉదయనుడు చెప్పిన జాతిబాధకాల్లో, అంటే ఒకదాన్ని జాతి అనకుండా అడ్డుకునే కారణాల్లో, అనవస్థ ఒకటి.

ప్లేటో అంత తేలిగ్గా తప్పుకోలేడు. రూపం నమూనా, వస్తువులు దాని నకళ్లు అని చెప్పాక, నమూనాలో ఆ గుణం లేదనడం కష్టం. ‘ప్రొటాగొరస్’లో సోక్రటీసు, పుణ్యమే పుణ్యవంతం కాకపోతే ఇంకేది అవుతుందని అడుగుతాడు. మిగిలిన దారి, రూపం ఇతరుల వల్ల కాక తనవల్లే అలా ఉందనడం. పారిస్ దగ్గర దాచిన లోహపు దిమ్మె 1889 నుంచి 2019 దాకా కిలోకు ప్రమాణం. ఆ రోజుల్లో బజారులో రాళ్లు దానితో పోల్చితే కిలో, అది కిలో కావడానికి మరో దిమ్మె అక్కర్లేదు. తత్వవేత్త పీటర్ గీచ్ 1956లో తూకపు ప్రమాణంతో రూపాలను ఇలాగే పోల్చాడు. ఇది నాకు నచ్చిన జవాబే, కానీ దీనికి వెల ఉంది. దిమ్మె కిలో, రాయి కిలో అన్నప్పుడు ‘కిలో’ అన్న మాట రెండు చోట్లా ఒకే విధంగా నిలవదు. అప్పుడు కొండా ప1 ఒకే గుంపులో చేరవు. అనవస్థ ఆగుతుంది కానీ, కొండ ఆ రూపాన్ని పోలి ఉందని చెప్పడం అంత తేలిక కాదు.

అభ్యాసం: పెద్దదనం బదులు ‘కదలిక’ రూపం తీసుకుని, పైకి చెప్పిన మాటా దాగిన రెండు మాటలూ కలిపి మూడు ఆధారాలూ రాయండి. రూపాలు మారవని ప్లేటో అన్నాడు కాబట్టి, ఏ ఆధారం దగ్గర చెయ్యి ఆగుతుందో గుర్తు పెట్టండి. తర్వాత మంచం వాదాన్ని అలాగే విప్పి, అది ప1 దగ్గరే ఎందుకు ఆగిందో, ఏ ఆధారం లేకపోవడం వల్ల ఆగిందో ఒక వాక్యంలో రాయండి. అయిదో పాఠంలో, రూపాలు నమూనాలు మాత్రమే అని సోక్రటీసు తప్పుకోబోతే పార్మెనిడీస్ పోలిక మీద వేసిన రెండో అనవస్థను తీసుకుందాం.